మెనూ కార్డులో ఉలవచారు బిర్యానీని ఎక్కడ కూర్చోబెట్టాలి?

హోటల్లో మెనూ తెరిస్తే ఒక్కోసారి పెళ్లి మండపం గేటు గుర్తొస్తుంది. ఎర్ర అక్షరాలు, నక్షత్రాలు, మూడు వంటకాలకొకటి చొప్పున ‘చెఫ్ స్పెషల్’. అన్నీ స్పెషలే అయితే దేని మీదా కన్ను ఆగదు. చివరికి ‘చికెన్ దమ్ ఒకటి’ అని చెప్పేసి కార్డు మూసేస్తాం. ఓనరుకు ఎక్కువ మిగిల్చే వంటకం మాత్రం మధ్యలో ఎక్కడో ఉండిపోతుంది.

ముందు ఆ వంటకం ఏదో తేల్చుకోవాలి. అరవై సీట్ల ఫ్యామిలీ రెస్టారెంట్ ఒకటి ఉందనుకుందాం. ఆరు రకాల బిర్యానీలు, నెలకు 1,200 ప్లేట్లు. చికెన్ దమ్ ధర 280 రూపాయలు, సరుకు ఖర్చు 130, మిగిలేది 150. మటన్ ధర 420, సరుకు 260, మిగులు 160. ఉలవచారు చికెన్ బిర్యానీ ధర 330, సరుకు 140, మిగులు 190. మటన్‌ని కూడా ఉలవలు దాటేశాయి!

శాతాల్లో లెక్క కట్టేవాళ్లు ఇక్కడే పప్పులో కాలేస్తారు. గ్లాసు మజ్జిగ 40 రూపాయలకు అమ్మితే సరుకు 8 రూపాయలే. శాతం చూస్తే మటన్ కంటే మజ్జిగే మేలు. కానీ గల్లాపెట్టెలో మిగిలేది 32. అద్దె, జీతాలు ఆ మిగులులోంచే కట్టాలి కాబట్టి రూపాయల్లోనే చూడాలి.

అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన కసవానా, స్మిత్ 1982లో దీనికి ఒక పద్ధతి చెప్పారు. ప్లేటుకు ఎంత మిగులుతోంది, ఎంతమంది అడుగుతున్నారు అన్న రెండూ కలిపి చూడమన్నారు. అమ్మకాలు సమానంగా పంచితే వచ్చే వాటాలో 70 శాతం దాటితే ఆ వంటకానికి గిరాకీ ఉన్నట్టే. మన లెక్కలో సమాన వాటా 200 ప్లేట్లు, అంటే గీత 140 దగ్గర. ఉలవచారు అమ్ముడయ్యేది 60. మిగులు బాగుంది, అడిగేవాళ్లు లేరు. కార్డు మార్చి చూడదగ్గది ఇలాంటి వంటకమే.

పేజీలో కుడివైపు పై మూలకే కన్ను ముందు వెళ్తుందని డిజైనర్లు చాలాకాలంగా చెబుతూ వచ్చారు. కంటి కదలికలను కొలిచి చూసిన సిబిల్ యాంగ్ అనే పరిశోధకురాలికి అలాంటి మాయ మూల ఏదీ కనబడలేదు. జనం మెనూని పుస్తకంలాగే పై నుంచి కిందికి చదువుతున్నారు. ఇజ్రాయెల్‌లో దయాన్, బార్-హిల్లెల్ 2011లో ప్రచురించిన అధ్యయనం ఇంకా పనికొస్తుంది. ఒక విభాగంలో మొదట్లో, చివర్లో ఉన్న వంటకాలకు మధ్యలో ఉన్నప్పటికంటే ఎక్కువ ఆర్డర్లు వచ్చాయి. కాబట్టి ఉలవచారుని బిర్యానీల్లో మొదటి వరుసకు తెస్తే చాలు. చికెన్ దమ్ మధ్యలో ఉన్నా, కావలసినవాళ్లు వెతుక్కుని మరీ అడుగుతారు.

ధరలన్నీ కుడి అంచున ఒకే నిలువు వరుసలో, పేరు నుంచి ధర దాకా చుక్కల గీతతో ఉంటే కన్ను పేర్లు వదిలేసి అంకెల వెంట దిగుతుంది, తక్కువ ధర దగ్గర ఆగుతుంది. వర్ణన ముగిసిన చోటే, అదే సైజు అక్షరాల్లో ధర వేస్తే ఆ పరుగు ఆగుతుంది. అలాగని ధరను వెతుక్కునేంత చిన్నగా వేస్తే గిరాకీదారుకి అనుమానమొస్తుంది. అది మోసం కిందే లెక్క.

వర్ణన ఒక్క వాక్యం చాలు: ‘ఉలవలు ఉడికించిన నీళ్లు చిక్కబడేదాకా మరిగించి, బిర్యానీలో కలిపి, పైన వెన్న.’ వంటగదిలో నిజంగా జరిగేదే రాయాలి. ‘నోరూరించే’, ‘అద్భుతమైన’ లాంటి మాటలు పెట్టగానే అమ్మేవాడి గొంతు వినబడుతుంది. చుట్టూ సన్నని గీతతో పెట్టె కట్టొచ్చు, పేజీకి ఒక్కటే. ఫొటో వద్దంటాను. వచ్చిన ప్లేటు ఫొటోలా లేకపోతే గొడవ.

ఇంతా చేసి ఎంత వస్తుంది? 60 ప్లేట్లు 150 అయ్యాయనుకుందాం. పెరిగిన 90 ప్లేట్లకు 190 చొప్పున 17,100 అని సంబరపడకూడదు. ఆ 90 మందీ ఎటూ చికెన్ దమ్ తినేవాళ్లే అయితే, అదనపు లాభం ప్లేటుకు 40 రూపాయలే. అంటే నెలకు 3,600. కార్డు మార్చినందుకు ఫరవాలేదు, కానీ హోటల్ దశ తిరగదు.

కొత్త కార్డులకు వెంటనే లామినేషన్ చేయించొద్దు. మామూలు కాగితం మీద అచ్చు వేయించి నాలుగు వారాలు చూడాలి. ఉత్త ప్లేట్ల సంఖ్య పోల్చితే లెక్క తప్పుతుంది. కార్తీకమాసంలో మాంసం అమ్మకాలు ఎలాగూ పడిపోతాయి. మొత్తం బిర్యానీల్లో ఉలవచారు వాటా పెరిగిందా అన్నదే చూడాలి. ఆదివారం రాత్రి ఎనిమిదికే ‘అయిపోయిందండీ’ అని సర్వరు చెబుతుంటే మొదటి వరుస ఇచ్చి లాభం లేదు. ప్లేట్లు సగం తిని వదిలేసినవి వెనక్కొస్తుంటే మాత్రం పెట్టె తీసేసి, ముందు వంటమాస్టరుతో మాట్లాడాలి.