సాధన మాయమయ్యే రెండు దారులు

పదో తరగతి లెక్కల్లో కాస్త తెలివిగా అడిగే ప్రశ్న ఒకటుంది. ఈ సమీకరణాన్ని చూడండి:

(x − a)/(x − 1) − 3/x = 1

కనుక్కోవలసింది x. a మాత్రం ప్రశ్న ఇచ్చినవాళ్ల చేతిలో ఉంటుంది. దాన్నే పరామితి అంటారు. వాళ్లు 0 ఇస్తే ఒక లెక్క, 5 ఇస్తే ఇంకో లెక్క. a విలువ ఎంతైతే ఈ సమీకరణానికి అసలు సాధనే ఉండదన్నది ప్రశ్న.

హారాల్లో x, x − 1 ఉన్నాయి కాబట్టి x విలువ 0 గానీ 1 గానీ కాకూడదు. ఈ మాట మొదటే ఒక పక్కన రాసి పెట్టుకోవాలి, చివర్లో దీంతోనే పని పడుతుంది. ఇక హారాల క.సా.గు. x(x − 1) తో అన్నిటినీ గుణిస్తే

x(x − a) − 3(x − 1) = x(x − 1)

రెండు వైపులా ఉన్న x² కొట్టేసుకుపోతుంది. మిగిలింది సర్దితే (a + 2)x = 3.

a = −2 అయితే ఎడమ వైపు 0, కుడి వైపు 3. ఏ x వేసినా కుదరదు. చాలామంది ఇక్కడే జవాబు రాసేసి పెన్ను మూసేస్తారు. సగం మార్కులు పోయేదీ ఇక్కడే.

a విలువ −2 కాకపోతే x = 3/(a + 2) వస్తుంది. ఇది నిషేధించిన విలువల్లో ఒకటేమో చూడాలి. లవంలో 3 ఉంది కాబట్టి ఇది 0 ఎప్పటికీ కాదు. 1 మాత్రం కాగలదు, a + 2 = 3 అయినప్పుడు, అంటే a = 1 దగ్గర. అప్పుడు అసలు సమీకరణంలో మొదటి భిన్నం (x − 1)/(x − 1), అంటే 1. మిగిలేది 3/x = 0. అది జరిగే పని కాదు. కాబట్టి జవాబులు రెండు: −2, 1.

మరి x = 1 అనే దొంగ సాధన ఎక్కడి నుంచి వచ్చింది? మనం గుణించిన x(x − 1) నుంచే. x = 1 దగ్గర అది సున్నా. సున్నాతో గుణిస్తే ఏ తప్పైనా ఒప్పైపోతుంది.

ఈ రెండు సందర్భాలూ ఒకేలా కనిపించినా జరిగేది వేరు. a విలువ −1.99 అయితే x = 300. −1.999 అయితే 3000. −2 కి చేరువయ్యే కొద్దీ సాధన అందనంత దూరం పారిపోతుంది. a విలువ 0.99 అయితే x సుమారు 1.003. అది ఎక్కడికీ పోలేదు, మన కళ్లముందే నిషేధ స్థానానికి జరుగుతోంది. a సరిగ్గా 1 కాగానే అందులో పడిపోతుంది.

వర్గ సమీకరణం మిగిలినప్పుడు ఇంకాస్త జాగ్రత్త కావాలి. (x² − a)/(x − 1) = 0 లో a = 1 అయితే మూలాలు 1, −1. అందులో 1 పనికిరాదు గానీ −1 నిక్షేపంగా నిలుస్తుంది. కాబట్టి ఇక్కడ a = 1 ని సాధన లేని విలువల్లో చేరిస్తే తప్పు. వాస్తవ సాధన లేకుండా పోయేది a రుణసంఖ్య అయినప్పుడే.