చుక్క కింద చుక్క

అపార్ట్‌మెంట్ సంఘం నెల ఖర్చుల పట్టిక ఒకటి తీసుకుందాం. నీటి ట్యాంకర్లకు 12,400, లిఫ్ట్ మరమ్మతుకు 1,875.50, బల్బులకు 640.25, కొరియర్‌కు 85. వీటిని వర్డ్‌లో కుడి అంచుకు జరిపితే 12,400లోని చివరి సున్నాలు, కింది వరుసలోని పైసల మీదికి వచ్చి కూర్చుంటాయి. చూపు పై నుంచి కిందికి దిగేసరికి వేలేవో వందలేవో తికమకే. చాలామంది స్పేస్ బార్ నొక్కుకుంటూ సర్దుతారు. ఫాంట్ మార్చగానే ఆ సర్దుబాటు చెదిరిపోతుంది.

దీనికి వర్డ్‌లో డెసిమల్ ట్యాబ్ ఉంది. ముందు ఆ స్పేస్‌లన్నీ తీసేయండి. Ctrl+Shift+8 నొక్కితే అవి చిన్న చుక్కలుగా కనబడతాయి. తర్వాత View లో Ruler కు టిక్ పెట్టండి. శీర్షిక గడిని వదిలి, అంకెలున్న గడులను మాత్రమే ఎంచుకుని Ctrl+L తో ఎడమకు జరపండి. అడ్డ రూలర్‌కు ఎడమ చివర చిన్న చతురస్రం ఉంటుంది. దాన్ని నొక్కుతూ పోతే గుర్తులు మారతాయి. తలకిందులైన T, పక్కన చుక్క ఉన్న గుర్తు వచ్చినప్పుడు ఆగి, రూలర్ మీద ఆ నిలువు వరుసకు పైన ఒకసారి క్లిక్ చేయండి. ట్యాబ్ మీట నొక్కనక్కర్లేదు, అంకెలు వాటంతటవే చుక్క కింద చుక్కగా నిలబడతాయి. చుక్కే లేని 12,400, 85 కూడా, చుక్క ఉండాల్సిన చోటికి ఎడమ పక్కన ఆగుతాయి.

కదలకపోతే మొదట చూడాల్సింది గడి ఇంకా మధ్యకో కుడికో జరిపి ఉందా అని. పెద్ద అంకె ఒక్కటే వరుస తప్పితే ట్యాబ్ ఎడమ అంచుకు మరీ దగ్గరగా ఉన్నట్టు. గడులన్నీ మళ్లీ ఎంచుకుని, రూలర్ మీది గుర్తును కుడికి లాగితే చాలు. శీర్షికను కూడా కలిపి ఎంచుకున్నవారికి ‘ఖర్చు’ అన్న మాట ఎడమకు జరిగిపోయి కనిపిస్తుంది.

పవర్‌పాయింట్‌లో పని ఇంత సులువు కాదు. అక్కడ డెసిమల్ ట్యాబ్ పెట్టినా అంకె తనంతట కదలదు. ప్రతి గడిలోనూ అంకె ముందు కర్సర్ ఉంచి Ctrl+Tab నొక్కాలి. ఉత్త Tab నొక్కితే కర్సర్ పక్క గడిలోకి దూకేస్తుంది. ఇరవై వరుసల స్లైడ్‌కి ఇది విసుగే. డబ్బు లెక్కలైతే నేను అన్నింటికీ .00 చేర్చి కుడికి జరిపేస్తాను, అంకెలన్నీ ఒకే వెడల్పున్న ఫాంట్‌లో అదే సరిపోతుంది. కొలతలకు మాత్రం ఈ దారి పనికిరాదు. 12 గ్రాములని తూచినదాన్ని 12.000 అని రాస్తే, మిల్లీగ్రాము దాకా తూచామని చెప్పినట్టవుతుంది.

రక్తపరీక్షల రిపోర్టులాంటి పట్టికలో అసలీ శ్రమే వద్దు. హిమోగ్లోబిన్, క్రియాటినిన్ అంకెలను ఎవరూ ఒకదానితో ఒకటి పోల్చరు, కూడరు. ఒకే ప్రమాణంలో ఉన్న వరుసకే చుక్కలు కలపాలి.