కౌన్సెలర్‌కు నాలుగు ముక్కల మెసేజ్

కౌన్సెలింగ్‌కి వెళ్తూ ఒక్క రోజు మానేసినవాళ్లలో కొందరు ఆ తర్వాత ఇక వెళ్లరు. కౌన్సెలర్ నచ్చక కాదు, ముఖం చెల్లక. ఏం చెప్పాలో తోచక ఇవాళ రేపు అంటూ వాయిదా వేస్తారు. వారం దాటేసరికి ఆ నంబర్ చూడాలన్నా మొహమాటమే.

కౌన్సెలర్ తనంతట తాను పదేపదే మెసేజ్ పెట్టకపోవడానికి కారణం కోపం కాదు. మీ ఫోన్ ఆ క్షణంలో ఎవరి చేతిలో ఉందో ఆవిడకు తెలియదు. మీరు తన దగ్గరికి వస్తున్నారన్న సంగతి కూడా రహస్యమే కాబట్టి, చాలామంది ఒకసారి ముక్తసరిగా పలకరించి ఊరుకుంటారు. అంచేత మొదటి మాట మీ నుంచి రావడమే తేలిక.

ఒక ఉదాహరణ అనుకుందాం. కూకట్‌పల్లిలో అత్తమామలతో ఉంటున్న ఒక ఉద్యోగిని. గురువారం సాయంత్రం 6 గంటలకు సెషన్. ఆ మధ్యాహ్నం ఇంట్లో గొడవైంది, ఏడ్చి పడుకుంది, లేచేసరికి ఏడు. మర్నాడు పొద్దున రాసిన మొదటి మెసేజ్ ఫోన్ తెరంతా నిండింది. అత్తగారు ఏమన్నారు, భర్త ఎందుకు మాట్లాడలేదు, తను ఎంత పనికిరానిదో, మేడమ్ ఎంత బాధపడి ఉంటారో, అన్నీ అందులో ఉన్నాయి. పంపకుండా చెరిపేసి ఇలా రాసింది:

“నమస్తే మేడమ్. నిన్న సాయంత్రం 6 గంటలకు రాలేకపోయాను, ముందుగా చెప్పలేదు, సారీ. వచ్చే గురువారం 6కి గానీ, శనివారం 11 తర్వాత గానీ కుదురుతుందా? నిన్నటి ఫీజు ఇవ్వాల్సి ఉంటే చెప్పండి, పంపిస్తాను.”

ఇంతే చాలు. రోజు, టైమ్ ఉన్నాయి కాబట్టి డైరీలో వెతుక్కోనక్కర్లేదు. రెండు వీలైన వేళలు ఇచ్చింది కాబట్టి ఒక్క జవాబుతో పని తెగిపోతుంది. “మీకెప్పుడు వీలైతే అప్పుడు” అనడం మర్యాదగానే వినిపిస్తుంది గానీ, దాంతో నాలుగు మెసేజ్‌లు అటూ ఇటూ తిరుగుతాయి.

గొడవ సంగతి ఎందుకు తీసేసింది? అది చిన్న విషయమని కాదు, అసలు సెషన్‌లో మాట్లాడాల్సిందే అది. కౌన్సెలర్ ఆ మెసేజ్‌ని ఇద్దరు క్లయింట్ల మధ్య దొరికిన పది నిమిషాల్లో చదువుతుంది, సరైన జవాబు ఇవ్వలేదు. పైగా క్లినిక్ నంబరైతే ముందు చూసేది రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి. అక్కడికి పంపేటప్పుడు పేరూ టైమూ చాలు, సమస్య పేరు అక్కర్లేదు. “మేడమ్ నా మీద కోపంగా ఉన్నారేమో” అనే భయం కూడా సెషన్‌కి తీసుకెళ్లదగ్గ సరుకే, మెసేజ్‌లో బతిమాలుకోనక్కర్లేదు.

ఫీజు మాట మనమే ఎత్తడం మంచిది. సెషన్ సాధారణంగా 45 నుంచి 50 నిమిషాలు. చివరి నిమిషంలో ఖాళీ అయితే ఆ వేళకి ఇంకొకరిని పిలవడం కుదరదు. 24 గంటల ముందు చెప్పకపోతే ఫీజు తీసుకుంటామని చాలామంది మొదటి రోజే చెప్తారు. ఇది కొత్త పద్ధతేం కాదు. రోగికి కేటాయించిన గంట అతనిదేననీ, వాడుకోకపోయినా డబ్బు ఇవ్వాల్సిందేననీ ఫ్రాయిడ్ 1913లోనే రాశాడు. ఆయనంత కచ్చితంగా ఇప్పుడందరూ ఉండరు. ఒంట్లో బాగోలేకపోతేనో, మొదటిసారి అయితేనో వదిలేసేవాళ్లున్నారు. అడిగితేనే తెలుస్తుంది.

ఇక గుట్టు సంగతి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం, చికిత్స చేసేవాళ్లు రోగి వివరాలు బయటపెట్టకూడదు, చట్టం చెప్పిన కొన్ని సందర్భాల్లో తప్ప. కానీ మంచం మీద పెట్టి వెళ్లిన మన ఫోన్‌కి ఏ చట్టమూ కాపలా కాయదు. లాక్ పడిన తెర మీద కూడా వాట్సాప్ మెసేజ్ మొదటి మాటలు కనిపిస్తాయి. సెట్టింగ్స్‌లో ఆ ప్రివ్యూ ఆపెయ్యొచ్చు. ఫోన్ ఇంట్లో నలుగురి చేతులూ మారేదైతే, “జవాబు ఉత్త టైమ్ ఒక్కటే పంపండి మేడమ్” అని ఆ మెసేజ్‌లోనే ఓ ముక్క చేర్చొచ్చు. చాలామంది మరిచేది ఇంకోటుంది: ఫోన్‌పే లాంటి వాటిలో డబ్బు పంపేటప్పుడు కింద నోట్ రాసే గడి. అక్కడ “కౌన్సెలింగ్ ఫీజు” అని కొడితే ఆ మాట చెల్లింపుల జాబితాలో ఉండిపోతుంది. ఖాళీగా వదిలేయండి.

సాయంత్రానికి జవాబు రాకపోతే మర్నాడు ఒక్క ఫోన్ చేస్తే సరి, మళ్లీ సారీలు వద్దు. ఇక కౌన్సెలింగ్ మానేద్దామనే ఉద్దేశంతో వెళ్లకపోతే కొత్త టైమ్ అడగొద్దు. “ఒక్కసారి వచ్చి మాట్లాడి ఆపేద్దామనుకుంటున్నాను” అని రాయండి, ఆ ముగింపు సెషన్‌కి వాళ్లు అలవాటుపడ్డవాళ్లే.

ఈ క్లుప్తత ఒక్క చోట పనికిరాదు. చచ్చిపోవాలనిపించి ఇంట్లోంచి కదల్లేక సెషన్ మానేసి ఉంటే, సారీ రాస్తూ కూర్చోకుండా కౌన్సెలర్‌కి నేరుగా ఫోన్ చేసి ఆ మాటే చెప్పాలి. ఎత్తకపోతే కేంద్రప్రభుత్వ టెలీమానస్ నంబర్ 14416 రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు.