ఆసిడ్ తగిలితే తెరుచుకునే తలుపు

కడుపులో హెచ్. పైలోరి బాక్టీరియా ఉందేమో చూద్దామని ఊపిరి పరీక్ష రాసే డాక్టరు, దాంతోపాటు ఒక షరతు కూడా పెడతారు. పొద్దున్నే పరగడుపున వేసుకునే పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ లాంటి మాత్రలను పరీక్షకు కనీసం రెండు వారాల ముందు ఆపేయాలి. మంట తట్టుకోలేక మాత్ర మొదలుపెట్టినవాళ్లకు ఇది కష్టమే. కొందరు ఆపకుండానే వెళ్లిపోతారు కూడా. ఆ మాత్ర బాక్టీరియాను తుడిచిపెట్టదు గానీ రిపోర్టులోంచి మాత్రం మాయం చేయగలదు. అదెలాగో తెలియాలంటే ఈ జీవి కడుపులో ఎలా బతుకుతోందో ముందు చూడాలి.

ఏమీ తినకుండా ఉన్నప్పుడు మన జఠరరసం పీహెచ్ సాధారణంగా 1కీ 2కీ మధ్య ఉంటుంది. మంచినీళ్లది సుమారు 7. పీహెచ్ ఒక్క అంకె తగ్గితే ఆమ్లం పదింతలు పెరిగినట్టు. ఆ లెక్కన పీహెచ్ 2 ఉన్న రసంలో మంచినీళ్లకంటే లక్ష రెట్లు ఎక్కువ ఆమ్లం. తిండితోపాటు లోపలికి పోయిన సూక్ష్మజీవులు చాలామటుకు అక్కడే చస్తాయి. అందుకే కడుపులో బాక్టీరియా కాపురం పెట్టదన్న నమ్మకం చాలాకాలం నడిచింది. 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లు రోగుల కడుపు లోపలి పొర నుంచి ఈ మెలికల బాక్టీరియాను తీసి ప్రయోగశాలలో పెంచి చూపించాకే ఆ నమ్మకం కదిలింది. అల్సర్లకు ప్రధాన కారణం ఇదేనని తేల్చినందుకు 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

ఇందులో ఒక తమాషా ఉంది. బాక్టీరియా దొరకడానికి దాదాపు 60 ఏళ్ల ముందే దాని ఆయుధం దొరికింది. కడుపు లోపలి పొరలో యూరియేజ్ అనే ఎంజైము ఉందని 1924లోనే జేమ్స్ ముర్రే లక్ గమనించాడు. అది కడుపు తనకోసం తాను తయారుచేసుకుంటున్నదే అనుకున్నారు. 1950ల చివర్లో చార్లెస్ లీబర్ రోగులకు యాంటీబయాటిక్ ఇస్తే కడుపులో అమ్మోనియా పడిపోయింది. మందుకు పోయిందంటే అది మన సొత్తు కాదు, బాక్టీరియాదే అయి ఉండాలి. ఆధారం చేతికి చిక్కింది గానీ, దాన్ని పట్టుకుని అల్సర్ దాకా వెళ్లినవాళ్లు లేకపోయారు.

యూరియేజ్ పని యూరియాను విడగొట్టడం. మన రైతులు బస్తాల్లో కొనే యూరియా, మన రక్తంలో తిరిగే యూరియా ఒకే పదార్థం. తిన్న మాంసకృత్తులు అరిగాక మిగిలే నైట్రోజన్‌ను కాలేయం యూరియాగా మారుస్తుంది. అది మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది. కొద్దిగా మాత్రం కడుపులోకీ ఊరుతుంది. యూరియేజ్ తగిలిన ఒక్కో యూరియా అణువు నుంచి రెండు అమ్మోనియా అణువులు, ఒక కార్బన్ డయాక్సైడ్ అణువు వస్తాయి. మడిలో చల్లిన యూరియాను నేలలోని సూక్ష్మజీవులు విడగొట్టేదీ ఈ ఎంజైముతోనే. పొలంలో ముక్కుకు తగిలే ఆ ఘాటు అమ్మోనియాదే. మనిషి శరీర కణాలకు మాత్రం యూరియేజ్ లేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఊపిరి పరీక్ష మొత్తం దీనిమీదే నిలబడింది.

అమ్మోనియా క్షారం కాబట్టి ఆమ్లాన్ని విరిచేస్తుంది. ఇంతవరకు చాలామంది చెబుతారు. బాక్టీరియా తన చుట్టూ అమ్మోనియా మబ్బు కమ్మేసుకుని అందులో హాయిగా ఉంటుందని రాసేస్తారు. వినడానికి బాగుంది గానీ ఇక్కడ ఒక చిక్కుంది. పీహెచ్ 4 కంటే తగ్గితే బయట ఉన్న యూరియేజ్ పనిచేయదు. అంటే అవసరం ఎక్కువైనప్పుడే ఆయుధం మొద్దుబారిపోతుంది. కనుక అసలు పని జరిగేది బాక్టీరియా కడుపులో, ఆమ్లం చేరని చోట. అక్కడ యూరియేజ్‌కు కొదవలేదు. ఈ జీవి తయారుచేసే మొత్తం ప్రొటీన్‌లో పదో వంతు దాకా అదే ఉంటుంది. కొరతల్లా ముడిసరుకుదే. యూరియా బాక్టీరియా పొరను దాటి తనంతట తాను లోపలికి చేరడం చాలా నెమ్మది.

ఆ పొరలో ఒక తలుపు ఉందని, అది ఆసిడ్ తగిలితేనే తెరుచుకుంటుందని 2000లో జార్జ్ సాక్స్ బృందం చూపించింది. యూరీ-ఐ అనే ప్రొటీన్‌తో అయిన దారి అది. బయట పీహెచ్ 7 ఉంటే మూసుకుని ఉంటుంది. ఆమ్లం పెరిగేకొద్దీ తెరుచుకుంటూ, 5 దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా తెరుచుకుంటుంది. యూరియా ఒక్కసారిగా లోపలికి దూసుకొస్తుంది. దాన్నుంచి పుట్టిన అమ్మోనియా బాక్టీరియా రెండు పొరల మధ్య ఉన్న సందులోకి చేరి, బయటినుంచి చొరబడుతున్న ఆమ్లాన్ని అక్కడికక్కడే పట్టేస్తుంది. కార్బన్ డయాక్సైడ్ కూడా వృథా పోదు. ఆ సందులో ఉన్న ఇంకో ఎంజైము దాన్ని బైకార్బనేట్‌గా మార్చి ఆమ్లాన్ని అదుపుచేయడానికి వాడుకుంటుంది. బయట ఆసిడ్ ఎంత ఘాటుగా ఉన్నా ఆ సన్నటి సందులో పీహెచ్ 6 చుట్టుపక్కలే నిలుస్తుంది. కడుపునంతా విరిచే శక్తి ఆ జీవికి లేదు, ఆ అవసరమూ లేదు. తన ఒంటి చుట్టూ చూసుకుంటే చాలు.

మరి ఆ తలుపును ఎప్పుడూ తెరిచే ఉంచుకోవచ్చు కదా? అలా ఉంచితే చస్తుంది. ఆమ్లం లేని చోట యూరియా అదేపనిగా లోపలికి వస్తుంటే, విరవడానికి ఏమీ లేక అమ్మోనియా పేరుకుపోతుంది. చుట్టూ క్షారం పెరుగుతుంది. ప్రయోగశాలలో ఆమ్లం కలపకుండా యూరియా పోస్తే హెచ్. పైలోరి ఇలాగే తన అమ్మోనియాకు తానే బలైపోతుంది. ఆమ్లాన్ని తట్టుకునే జీవుల్లో నాకు దీని పద్ధతే ఎక్కువ నచ్చుతుంది. కవచం కంటే కొలత తెలియడం దీని బలం.

ఇప్పుడు పరీక్ష దగ్గరికి వద్దాం. ఆరు గంటలు ఏమీ తినకుండా వెళ్తారు. ముందు ఒక సంచిలోకి ఊపిరి ఊదిస్తారు. తర్వాత కార్బన్-13 ఉన్న యూరియాను 75 మిల్లీగ్రాముల దాకా, సాధారణంగా సిట్రిక్ ఆమ్లం కలిపిన పుల్లటి పానీయంతో తాగిస్తారు. కార్బన్-13 అణుధార్మికత లేని, మామూలు కార్బన్ కంటే కాస్త బరువైన కార్బన్. ప్రకృతిలోని కార్బన్‌లో ఒక శాతానికి కొంచెం పైన అదే ఉంటుంది. అరగంట కదలకుండా కూర్చోబెట్టి రెండో సంచిలోకి ఊదిస్తారు.

ఆ అరగంటలో జరిగేది ఇది. బాక్టీరియా లేకపోతే యూరియా చెక్కుచెదరకుండా రక్తంలో కలిసి, ఆనక మూత్రంలో పోతుంది. ఉంటే, యూరియేజ్ దాన్ని విడగొడుతుంది. పుట్టిన బరువైన కార్బన్ డయాక్సైడ్ కడుపు గోడలోంచి రక్తంలోకి, రక్తంలోంచి ఊపిరితిత్తుల్లోకి చేరి ఊపిరిలో బయటికి వస్తుంది. రెండు సంచుల్లోని గాలిని పరారుణ కిరణాల యంత్రంలోనో మాస్ స్పెక్ట్రోమీటర్‌లోనో పెట్టి, బరువైన కార్బన్ వాటా ఎంత పెరిగిందో వెయ్యికి ఇంత అని చూస్తారు. ఎక్కువచోట్ల వాడే హద్దు వెయ్యికి 4. అంతకంటే పెరిగితే పాజిటివ్. కిట్‌ను బట్టి ఈ హద్దు కొంచెం మారుతుంది.

మొదటి సంచి ఎందుకన్న అనుమానం రావచ్చు. తిండిని బట్టి ఒక్కొక్కరి ఊపిరిలో బరువైన కార్బన్ ఒక్కోలా ఉంటుంది. జొన్న, సజ్జ, మొక్కజొన్న, చెరకులో అది వరిలో కంటే కాస్త ఎక్కువ. జొన్నరొట్టె తినే ఇంట్లోని మనిషి, మూడు పూటలా వరన్నం తినే మనిషి పరీక్ష ముందే వేర్వేరు మెట్ల మీద నిలబడి ఉంటారు. అందుకే ఎవరి ఊపిరిని వారి ఊపిరితోనే పోలుస్తారు. కొన్ని ఆస్పత్రుల్లో కార్బన్-14 క్యాప్సూల్ ఇస్తారు. దానికి అణుధార్మికత ఉంది గానీ బహు స్వల్పం. ఒక రోజులో ప్రకృతి నుంచి మనకు మామూలుగా తగిలే దానికంటే ఎక్కువ కాదు. అయినా గర్భిణులకూ పిల్లలకూ కార్బన్-13నే ఎంచుకుంటారు.

పుల్లటి పానీయం రుచికోసం కాదు. అది కడుపు ఖాళీ కావడాన్ని ఆలస్యం చేసి యూరియాను అక్కడే కాసేపు నిలబెడుతుంది. దానికి తోడు ఆమ్లాన్ని అందించి బాక్టీరియా తలుపు తెరుచుకునేలా చేస్తుంది. గ్యాస్ మాత్ర చేసేది సరిగ్గా దీనికి తిరగబాటు. ఆసిడ్ తయారీ ఆగిపోయి కడుపు పీహెచ్ పైకి పోతుంది, తలుపు మూసుకుంటుంది. మాత్ర వల్ల బాక్టీరియా సంఖ్య కూడా తగ్గుతుంది. లోపల యూరియేజ్ నిండుగా ఉన్నా తాగించిన యూరియా దాని దాకా చేరదు.

ఒక మనిషిని ఊహించుకుని లెక్క వేద్దాం. రోజూ పాంటోప్రజోల్ వేసుకుంటూనే పరీక్షకు వెళ్లాడు. మొదటి సంచి అంకె మైనస్ 21, అరగంట తర్వాతది మైనస్ 18.9. పెరుగుదల 2.1, రిపోర్టు నెగెటివ్. కడుపునొప్పి మాత్రం తగ్గలేదు. డాక్టరు మాత్ర ఆపించి రెండు వారాల తర్వాత మళ్లీ చేయించారు. ఈసారి మైనస్ 20.8 నుంచి మైనస్ 2.3కి చేరింది. పెరుగుదల 18.5. బాక్టీరియా మొదటిసారీ అక్కడే ఉంది. యాంటీబయాటిక్‌లు, బిస్మత్ మందులు వాడినవాళ్లయితే నాలుగు వారాలు ఆగాలి. అల్సర్ నుంచి రక్తం కారుతున్నప్పుడూ ఇలాంటి తప్పుడు నెగెటివ్‌లు వస్తాయి.

తప్పు రెండో వైపూ జరగొచ్చు. నోట్లో ఉండే కొన్ని బాక్టీరియాలకూ యూరియేజ్ ఉంది. తాగిన మొదటి కొద్ది నిమిషాల్లో ఊదితే వాటి పనే కనిపిస్తుంది. నోరు పుక్కిలించమనడం, క్యాప్సూల్ నమలకుండా మింగమనడం, అరగంట ఆగమనడం ఇందుకే.

చికిత్స అయిపోయాక కనీసం నాలుగు వారాలు ఆగి ఇదే పరీక్ష మళ్లీ చేయిస్తారు. రక్తంలో యాంటీబాడీలు చూసే పరీక్ష ఇక్కడ పనికిరాదు, బాక్టీరియా పోయాక కూడా అవి నెలల తరబడి ఉంటాయి. బతికున్న బాక్టీరియా లేకపోతే యూరియా విడిపోదు కాబట్టి ఊపిరి పరీక్ష ఇప్పటి సంగతి చెబుతుంది. ఒక్క విషయం: రిపోర్టులో ఒకరికి 9, ఇంకొకరికి 40 వచ్చిందంటే రెండోవారి అల్సర్ పెద్దదని కాదు. ఇద్దరికీ బాక్టీరియా ఉందని మాత్రమే. అంకె 3కీ 5కీ మధ్య తచ్చాడితే, మందులు నిజంగానే ఆపారా అని అడిగి పరీక్ష మళ్లీ చేయిస్తారు.