తొంభై ఐదు కన్నా వంద చిన్నదా?

పైథాన్ నేర్చుకోవడం మొదలుపెట్టిన పిల్లలు ముందుగా రాసే ప్రోగ్రాముల్లో మార్కుల ప్రోగ్రాం ఒకటి. మార్కులు అడగాలి, 35 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే పాస్ అనాలి, లేకపోతే ఫెయిల్ అనాలి. సీబీఎస్ఈ పదకొండో తరగతిలోనూ, తమిళనాడు పన్నెండో తరగతి కంప్యూటర్ సైన్స్‌లోనూ ఇప్పుడు పైథానే పాఠం. కాబట్టి మన బడుల నుంచి వెళ్లే పిల్లల్లో చాలామంది ఏదో ఒక రోజు దీన్ని రాయక తప్పదు. సాధారణంగా ఇలా రాస్తారు.

```
marks = input("మార్కులు: ")
if marks >= 35:
    print("పాస్")
else:
    print("ఫెయిల్")
```

చదవడానికి ఎక్కడా తప్పు కనిపించదు. కానీ నడిపి 62 అని ఇవ్వగానే పాస్ రాదు, ఈ వాక్యం వస్తుంది.

```
TypeError: '>=' not supported between instances of 'str' and 'int'
```

తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలు ఇక్కడే జంకుతారు. ఇంగ్లీషులో వచ్చిన వాక్యం చూసి ఏదో పెద్ద తప్పు చేశామనుకుంటారు. తరగతిలో మేము ముందుగా ఆ వాక్యాన్ని తెలుగులో చెప్పిస్తాం: 'ఒక పక్క స్ట్రింగ్ ఉంది, ఇంకో పక్క పూర్ణాంకం ఉంది. ఈ రెంటినీ పోల్చడం నాకు చేతకాదు.' `str` అంటే స్ట్రింగ్, అంటే అక్షరాల వరుస. `int` అంటే పూర్ణాంకం. పైథాన్ అంటున్నది అంతే.

మరి 62 అని టైపు చేస్తే అది అక్షరాల వరుస ఎలా అయింది? కీబోర్డు నుంచి కంప్యూటరుకు చేరేది సంఖ్య కాదు, నొక్కిన మీటల గుర్తులు. 6 అనే గుర్తు, దాని పక్కన 2 అనే గుర్తు. `input` వాటిని వచ్చినవి వచ్చినట్టే అందిస్తుంది. అవి మార్కులో, ఫోన్ నంబరో, ఇంటి నంబరో దానికి తెలియదు, ఊహించే ప్రయత్నం కూడా చేయదు. పేరు ఇచ్చినా, అంకెలు ఇచ్చినా, ఏమీ ఇవ్వకుండా ఎంటర్ నొక్కినా తిరిగి వచ్చేది స్ట్రింగే.

ఇంతవరకు పెద్ద ప్రమాదం లేదు. ప్రోగ్రాం ఆగిపోయింది, ఎందుకు ఆగిందో చెప్పింది. అసలు ప్రమాదం పిల్లలు దీన్ని సరిదిద్దే తీరులో ఉంది. ఒక పక్క స్ట్రింగ్, ఇంకో పక్క సంఖ్య ఉండటమే తగాదా అయితే, రెండో పక్కను కూడా స్ట్రింగ్ చేస్తే పోతుంది కదా అనుకుంటారు. 35 చుట్టూ కొటేషన్ గుర్తులు పెడతారు.

```
if marks >= "35":
```

ఎర్రర్ పోతుంది. 62 ఇస్తే పాస్. 28 ఇస్తే ఫెయిల్. 35 ఇస్తే పాస్. మూడూ సరిగ్గానే వచ్చాయి. పిల్లవాడు సంతోషిస్తాడు, పక్కన ఉన్న టీచరు కూడా సరే అంటారు. ఇప్పుడు 9 ఇచ్చి చూడండి. పాస్ అంటుంది. 100 ఇచ్చి చూడండి. ఫెయిల్ అంటుంది.

దీని కారణం నిఘంటువు తెరిచి చూస్తే అర్థమవుతుంది. 'కలువపువ్వు' ముందు వస్తుంది, 'గద' తరువాత వస్తుంది. కలువపువ్వు పొడుగైన మాట అయినా మనం పొడవు చూడం. మొదటి అక్షరం చూస్తాం. 'క' తరువాతే 'గ' కాబట్టి అక్కడితో తేలిపోతుంది. మొదటి అక్షరాలు ఒకటే అయితే రెండో దానికి వెళతాం. పైథాన్ రెండు స్ట్రింగులను పోల్చేదీ ఇలాగే. "100"కీ "35"కీ పోలిక పెడితే మొదటి గుర్తులు 1, 3. వీటిలో 1 ముందు వస్తుంది కాబట్టి "100" చిన్నది. మిగిలిన రెండు సున్నాలను అది చూడనే చూడదు. "9", "35" దగ్గర మొదటి గుర్తులు 9, 3. ఇక్కడ 9 తరువాత వస్తుంది కాబట్టి "9" పెద్దది. ఈ లెక్కనే తరగతిలో మొదటి మార్కు వెతికే ప్రోగ్రాంలో 95 వచ్చిన అమ్మాయి, 100 వచ్చిన అమ్మాయిని దాటేస్తుంది.

```
print("100" > "95")
```

దీనికి వచ్చే జవాబు `False`. 

ఈ తప్పు ఎందుకు దాక్కుంటుందో కూడా లెక్క వేసి చూడవచ్చు. రెండంకెల మార్కులన్నిటికీ, అంటే 10 నుంచి 99 వరకు, నిఘంటువు వరుసా సంఖ్యల వరుసా ఒకటే. కాబట్టి జవాబు సరిగ్గానే వస్తుంది. 0, 1, 2, 3 కూడా ఫెయిల్ అనే వస్తాయి. తప్పు వచ్చేది 4, 5, 6, 7, 8, 9, 100 దగ్గర మాత్రమే. 0 నుంచి 100 వరకు ఉన్న 101 విలువల్లో ఏడే ఏడు. పరీక్షించేటప్పుడు ఎవరైనా మామూలుగా ఇచ్చేవి 40, 62, 28 లాంటివి. ఈ ఏడింటిలో ఒకటి చేతికి తగిలితే తప్ప తప్పు బయటపడదు. బాగా వెనకబడిన పిల్లవాడు పాసవుతాడు, నూటికి నూరు తెచ్చుకున్నవాడు ఫెయిలవుతాడు.

ఎర్రర్ రాకుండా మోసం చేసే ఇంకో చోటు ఉంది. పెద్దదా, చిన్నదా అని కాకుండా సమానమా అని అడిగే చోటు. చిన్న పిల్లలకు ఎక్కాల ప్రోగ్రాం రాసే పెద్ద పిల్లలు దీన్లో చిక్కుకుంటారు.

```
answer = input("7 x 8 = ")
if answer == 56:
    print("ఒప్పు")
else:
    print("తప్పు")
```

ఏడెనిమిదులు యాభై ఆరు అని సరిగ్గా టైపు చేసినా తప్పు అనే వస్తుంది. స్ట్రింగ్, సంఖ్య అనే రెండు వేరు రకాల మధ్య ఏది పెద్దది అని అడిగితే పైథాన్ ఆగిపోతుంది. కానీ రెండూ ఒకటేనా అని అడిగితే ఆగదు, కాదు అని నిదానంగా చెప్పి ముందుకు పోతుంది. ఇక్కడ నష్టం ఆట ఆడే చిన్నవాడిది. వాడు ప్రోగ్రాంను అనుమానించడు, తనకు వచ్చిన ఎక్కాన్నే అనుమానిస్తాడు.

సరైన మందు ఒకటే. విలువ లోపలికి వచ్చే గుమ్మం దగ్గరే, ఒక్కసారి, దాన్ని సంఖ్యగా మార్చాలి.

```
marks = int(input("మార్కులు: "))
```

ఆ తరువాత కింద ఎన్నిచోట్ల పోల్చినా ఇబ్బంది ఉండదు. కొందరు పోల్చే ప్రతి చోటా `int(marks)` అని రాస్తారు. అదీ పనిచేస్తుంది. కానీ ఎక్కడో ఒకచోట మరిచిపోవడం ఖాయం. గుమ్మం దగ్గర మార్చమని మేము పట్టుబట్టేది అందుకే.

`int` ఏమి ఒప్పుకుంటుందో, ఏమి ఒప్పుకోదో తెలిసి ఉండాలి. ముందూ వెనకా ఖాళీలు ఉంటే పట్టించుకోదు. 35.5 అని ఇస్తే మాత్రం `ValueError` అని ఆగిపోతుంది. సగం మార్కులు వేసే చోట `float` వాడాలి. పరీక్షకు రాని పిల్లవాడికి AB అని రాసినా, ఏమీ రాయకుండా ఎంటర్ నొక్కినా అదే ఎర్రర్. ఇది మంచిదే, చెడ్డ విలువను లోపలికి రానివ్వలేదన్నమాట. కానీ -5 గానీ 350 గానీ ఇస్తే `int`కు అభ్యంతరం లేదు, అవి కూడా సంఖ్యలే. మార్కులు 0కీ 100కీ మధ్య ఉన్నాయో లేదో చూసే షరతు మనమే రాయాలి.

తెలుగు అంకెల సంగతి మన పిల్లలకు ప్రత్యేకంగా చెప్పదగినది. ౬౨ అని తెలుగు అంకెల్లో టైపు చేస్తే `int` దాన్ని 62గానే తీసుకుంటుంది. మార్చకుండా స్ట్రింగులుగా పోలిస్తే మాత్రం పని చెడుతుంది. కంప్యూటరు గుర్తుల పట్టికలో తెలుగు అంకెలన్నీ 0 నుంచి 9 వరకు ఉన్న మామూలు అంకెల తరువాతే వస్తాయి. అందువల్ల "౨౮" కూడా "35" కంటే పెద్దదే అవుతుంది, ఫెయిల్ కావలసినవాడు పాసవుతాడు.

అంకెలు కనిపించిన ప్రతిదాన్నీ సంఖ్యగా మార్చడం కూడా తప్పే. బెంగళూరు ఎస్టీడీ కోడ్ 080, బరంపురానిది 0680. వీటిని `int`లో పెడితే 80, 680 మిగులుతాయి. ముందున్న సున్నా పోతుంది, కోడ్ చెడిపోతుంది. దీనికి మేము పిల్లలకు చెప్పే గుర్తు ఒకటుంది: దీన్ని కూడతామా, తీసేస్తామా, ఎక్కువ తక్కువలు చూస్తామా? చూస్తాం అంటే సంఖ్యగా మార్చాలి. మార్కులు, వయసు, ధర అలాంటివి. రెండు ఫోన్ నంబర్లను ఎవరూ కూడరు. వాటిని స్ట్రింగుగానే ఉంచాలి.

టీచర్లకు ఒక మాట. పాత పుస్తకాల్లో `int` లేకుండానే ఈ ప్రోగ్రాం సరిగ్గా నడిచినట్టు కనిపించవచ్చు. అవి పైథాన్ 2 కాలానివి. అందులో `input` టైపు చేసినదాన్ని లెక్కగట్టి సంఖ్యను ఇచ్చేది. ఆ పద్ధతి పైథాన్ 3లో లేదు. పాత పుస్తకం చూసి బోర్డు మీద రాస్తే పిల్లల కంప్యూటర్లలో అది నడవదు.

తల్లిదండ్రులకు ఇంకో మాట. ప్రోగ్రాం రాయడం మీకు రాకపోయినా మీ అబ్బాయో, అమ్మాయో రాసిన మార్కుల ప్రోగ్రాంను మీరే పరీక్షించవచ్చు. 9 ఇవ్వండి, 35 ఇవ్వండి, 100 ఇవ్వండి. ఫెయిల్, పాస్, పాస్ అని రావాలి. 9కి పాస్ అనో 100కి ఫెయిల్ అనో వస్తే, మార్కులు వచ్చే వరుసలో `int` ఉందో లేదో చూడమనండి.