‘మేమే ఫోన్ చేస్తాం’ అన్నాక...

విజయవాడలో మందుల పంపిణీ చేసే ఓ మోస్తరు సంస్థకు ఇద్దరు అకౌంటెంట్లు కావాల్సి వచ్చిందనుకుందాం. ట్యాలీ రావాలి, జీఎస్టీ రిటర్నులు వేయగలగాలి. ప్రకటన ఇస్తే 60 దరఖాస్తులు వచ్చాయి. చదివినప్పుడే 45 పక్కకు పోయాయి. మిగిలిన 15 మందితో ఫోన్లో మాట్లాడి, 8 మందికి ట్యాలీలో చిన్న పరీక్ష పెట్టి, చివరికి అయిదుగురిని ఏప్రిల్ 4, శనివారం నాడు యజమాని ముందు కూర్చోబెట్టారు. అందులో ఇద్దరు ఎంపికయ్యారు. మిగతా 58 మందికి ఆ మాట ఎవరు చెప్పాలి? అడిగి చూడండి, ఆ ఆఫీసులో అది ఎవరి పనీ కాదు.

అభ్యర్థిని ఇలా గాల్లో వదిలేయడాన్నే ఇప్పుడు ఘోస్టింగ్ అంటున్నారు. చాలాచోట్ల దీని వెనక దురుద్దేశమేమీ ఉండదు. హెచ్‌ఆర్‌లో ఉన్నావిడ మేనేజర్ అభిప్రాయం కోసం చూస్తుంటుంది. మేనేజర్‌కు నెలాఖరు లెక్కల హడావిడి. వారం గడిచాక ఫోన్ చేయడానికి మొహమాటం, రెండు వారాలు గడిస్తే ఇంకా మొహమాటం. అలా ఆ పేరు అడుగున పడిపోతుంది.

దీనికి ఖరీదైన సాఫ్ట్‌వేరేమీ అక్కర్లేదు. ఒకటి రెండు పోస్టులకు మామూలు ఎక్సెలో, గూగుల్ షీటో చాలు. నిజానికి షీటు చాలామంది పెడతారు. కానీ అందులో పేరు, ఫోన్, జీతం, ‘స్టేటస్’ రాసి ఊరుకుంటారు. స్టేటస్ ఆఫీసు సంగతి చెబుతుంది, అభ్యర్థికి ఏం తెలుసో చెప్పదు. ‘ఇంటర్వ్యూ అయింది’ అని రాసి ఉన్న గడి నెల తర్వాత కూడా అలాగే ఉంటుంది, చూసేవాళ్లకు తప్పేమీ కనిపించదు. అందుకే ఇంకో మూడు కాలమ్‌లు కావాలి. చివరిసారి ఏ రోజు మాట్లాడాం, మళ్లీ ఏ తేదీలోగా చెబుతామన్నాం, చెప్పాల్సిన మనిషి ఎవరు. ఆ మూడో గడిలో ‘హెచ్‌ఆర్’ అని రాస్తే లాభం లేదు, ఒక మనిషి పేరే ఉండాలి.

దశ D కాలమ్‌లో, చివరిసారి మాట్లాడిన తేదీ E లో, చెప్పాల్సిన గడువు F లో ఉన్నాయనుకోండి. శనివారం కూడా పనిచేసే ఆఫీసుల్లో అయిదు పనిరోజుల గడువు ఇలా వస్తుంది:

```
=WORKDAY.INTL(E2,5,11)
```

ఇందులో 11 అంటే ఆదివారం ఒక్కటే సెలవని అర్థం. ఏప్రిల్ 4న ఇంటర్వ్యూ అయితే 10వ తేదీ వస్తుంది. అభ్యర్థికి వేరే తేదీ చెప్పి ఉంటే సూత్రం తీసేసి ఆ తేదీయే వేయాలి. ఇక గడువు దాటిన వరుస దానంతటదే ఎర్రబడాలంటే, గూగుల్ షీట్‌లో Format → Conditional formatting → Custom formula is దగ్గర ఇది ఇవ్వాలి:

```
=AND($A2<>"",$D2<>"ముగిసింది",OR($F2="",$F2<TODAY()))
```

గడువు ఖాళీగా ఉన్నా ఎర్రబడుతుందని గమనించండి. మనుషులు జారిపోయేది ఎక్కువగా ఆ ఖాళీ గడుల్లోంచే. రోజూ పొద్దున షీటు తెరిచి ఎర్రగా ఉన్నవాళ్లకు ఫోన్ చేశాకే వేరే పని. చెప్పడానికి కొత్త సంగతి లేకపోతే ‘ఇంకా తేలలేదు, బుధవారం చెబుతాం’ అన్నా సరే, గడువు గడిలో బుధవారం తేదీ వేస్తే సరి.

ఇక్కడో చిక్కుంది. షీటు అమెరికా పద్ధతిలో ఉంటే మనం 11/04/2026 అని కొట్టిన ఏప్రిల్ 11 కాస్తా నవంబర్ 4 అయి కూర్చుంటుంది. 13/04/2026 అయితే తేదీగానే తీసుకోదు, 13వ నెల లేదు కదా. రెండు వరుసలూ ఏప్రిల్ అంతా తెల్లగానే ఉంటాయి, మనం అంతా బాగుందనుకుంటాం. ప్రత్యేకంగా మార్చకపోతే అసలు తేదీ గడిలో కుడివైపుకు చేరుతుంది, ఉత్త అక్షరాలు ఎడమవైపు ఉండిపోతాయి. చూడగానే పట్టుకోవచ్చు. File → Settings లో Locale ను India చేస్తే ఈ బాధ ఉండదు.

దరఖాస్తు దశలోనే ఆగిపోయిన 45 మందికి రెండు వాక్యాల మెయిల్ చాలు. అందరి చిరునామాలూ అందరికీ కనపడకుండా BCC లో పెట్టాలి. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌ను నమ్ముకోవద్దు. మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది, దరఖాస్తుదారుల్లో ఎందరు చేసుకుని ఉంటారు? పరీక్ష దాకా వచ్చినవాళ్లకు మాత్రం విడిగా, కారణం ఒక్క ముక్కలో చెప్పాలి. ‘జీఎస్టీ రీకన్సిలియేషన్‌లో తేడా పట్టుకోలేకపోయారు’ అంటే ఆ మనిషికి పనికొస్తుంది. ‘మీ ప్రొఫైల్ మాకు సరిపోలేదు’ అంటే ఏమీ చెప్పనట్టే.

అసలు గొడవంతా మూడో స్థానంలో ఉన్న మనిషితోనే. మన ఉదాహరణలో ఇద్దరికి ఏప్రిల్ 8న ఆఫర్ లెటర్లు వెళ్లాయి, 11వ తేదీలోగా జవాబివ్వమన్నారు. మూడో అమ్మాయి కూడా బాగా చేసింది. ‘వాళ్లు చేరేదాకా ఆవిడకేం చెప్పొద్దు, అట్టేపెట్టండి’ అంటాడు యజమాని. దాదాపు ప్రతిచోటా వినిపించే మాటే ఇది. నేనైతే ఆ అమ్మాయికి 8వ తేదీనే ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. ‘అమ్మా, ముందు ఇద్దరిని తీసుకున్నాం. తర్వాతి పేరు మీదే. వాళ్లు 11లోగా చెబుతారు, మీకు 13న సోమవారం ఫోన్ చేస్తాను. ఈలోగా మంచి అవకాశం వస్తే వదులుకోకండి.’ ఇలా చెబితే చేజారిపోతుందని యజమానుల భయం. చేజారొచ్చు. చెప్పకపోయినా చేజారుతుంది, కాకపోతే అప్పుడు మనకు ఆలస్యంగా తెలుస్తుంది. 11న ఇద్దరిలో ఒకరికి పాత కంపెనీ జీతం పెంచి ఆపేసిందనుకోండి, 13న ఫోన్ ఎత్తే మనిషి ఉండటం ఎంత లాభమో చెప్పక్కర్లేదు.

ఆఫర్ ఇచ్చినంత మాత్రాన ఆ వరుసను ‘ముగిసింది’లో వేయకూడదు, సీట్లో కూర్చున్నాకే వేయాలి. హైదరాబాద్ ఐటీలో 90 రోజుల నోటీస్ పీరియడ్ మామూలే. ఆ మూడు నెలలూ కంపెనీ పలకకపోతే, చేరాల్సిన రోజున అభ్యర్థి ఫోన్ స్విచాఫ్ అవుతుంది. ఘోస్టింగ్ అటునుంచీ ఉంటుంది మరి. రెండు వారాలకోసారి పలకరించాలి. రాజీనామా ఇచ్చారా, ఆమోదిస్తూ మెయిల్ వచ్చిందా, రిలీవింగ్ తేదీ ఖాయమైందా అని అడగాలి. ఆ మెయిల్ చూపించడానికి సాకులు చెబుతున్నా, చేరే తేదీని రెండోసారి వాయిదా అడిగినా ప్రత్యామ్నాయం చూసుకోవడం మొదలుపెట్టాలి.

షీట్‌లో ఫోన్ నంబర్లు, జీతాలు ఉంటాయి కాబట్టి లింక్ ఉన్న ప్రతివారూ తెరిచేలా పెట్టకండి. ‘రిమార్క్స్’ గడిలో ఎదుటిమనిషికి చూపించలేని మాట రాయకండి.

కెనడాలోని ఒంటారియోలో ఇది మర్యాద స్థాయి దాటి చట్టమైంది. 2026 జనవరి 1 నుంచి, 25 మంది లేదా అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలు బహిరంగంగా ప్రకటించిన పోస్టుకు ఇంటర్వ్యూ చేస్తే, చివరి ఇంటర్వ్యూ జరిగిన 45 రోజుల్లోగా నిర్ణయం జరిగిందో లేదో అభ్యర్థికి చెప్పాలి. టొరంటో వైపు ఉద్యోగం వెతుక్కుంటున్న మనవాళ్లు ఈ గడువు గుర్తుపెట్టుకోవాలి. ఇక్కడ వెతుక్కునేవాళ్లు ఇంటర్వ్యూ గది నుంచి లేచేముందు రెండే అడగండి: ‘ఏ తేదీలోగా చెబుతారండీ? ఆ రోజు రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలి?’