గ్రైండర్ ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది?

అపార్ట్‌మెంట్ కడుతున్న ఏ సైట్‌కైనా సాయంత్రం ఆరింటికి వెళ్లి చూడండి. స్టోర్ రూమ్ దగ్గర ఒకటే గోల. 'కటింగ్ మెషిన్ ఏది?', 'పొద్దున నువ్వే కదా తీసుకుంది?', 'నేను పైన వాళ్లకి ఇచ్చేశా!' చివరికి వస్తువు దొరక్కపోతే దాని ఖరీదు ఎవరో ఒక కూలీ డబ్బుల్లోంచి పోతుంది. చాలాసార్లు ఆ 'ఎవరో ఒకరు' పొద్దున రిజిస్టర్‌లో పేరు రాయించుకున్నవాడే.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. మా బాబాయ్ చిన్న కాంట్రాక్టర్. ఆయన సైట్‌లోని స్టోర్ రిజిస్టర్‌ని ఫోన్‌లో తెరుచుకునే షీట్‌గా మార్చే పని నాకు అప్పజెప్పారు. అసలు చిక్కు ఎక్కడుందో అక్కడ కూర్చున్నాకే తెలిసింది.

అన్నీ ఒకే లెక్క కాదు

సిమెంట్, బైండింగ్ వైర్ లాంటివి ఇస్తే ఖర్చయిపోతాయి. వాటిలో మిగిలింది మాత్రమే వెనక్కి వస్తుంది. గ్రైండర్, డ్రిల్ మెషిన్ ఏ రోజుకారోజు తిరిగి రావాలి. సెంట్రింగ్ జాకీల సంగతి వేరు. 4.5 మీటర్ల లోపు స్లాబ్ అయితే కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు జాకీలు తీయకూడదని ఐఎస్ 456 కోడ్ చెబుతుంది. కాబట్టి 'సాయంత్రానికి రాలేదు' అని జాకీల మీద ఎర్ర గుర్తు పడితే ఆ షీట్‌ని మేస్త్రీ రెండో రోజే నమ్మడం మానేస్తాడు. అందుకే ప్రతి వస్తువుకీ తిరిగి రావాల్సిన గడువు విడిగా ఉండాలి.

చేతులు మారిన చోటే గొడవ

ఒక ఉదాహరణ చూద్దాం. G3 అని నంబర్ వేసిన గ్రైండర్‌ని 27వ టోకెన్ కుర్రాడు పొద్దున తీసుకున్నాడు. మధ్యాహ్నం నాలుగో అంతస్తులో 41వ టోకెన్ అతనికి అవసరమై, చేతికిచ్చేశాడు. పాత రిజిస్టర్‌లో ఈ సంగతి ఎక్కడా ఉండదు. వస్తువు పోతే బాధ్యుడు 27. కొత్త షీట్‌లో ఇలా ఉంటుంది:

```
08:10  G3  27  OUT  1
12:40  G3  27  IN   1
12:40  G3  41  OUT  1
17:50  G3  41  IN   1
```

చేతులు మారితే రెండు వరుసలు పడాలి. ఒకరి నుంచి వచ్చినట్టు, ఇంకొకరికి వెళ్లినట్టు. తీసుకున్నవాడు 'అవును' అన్నాకే మేస్త్రీ ఫోన్‌లో ఎక్కిస్తాడు. అదే సమయంలో వస్తువు ఎలా ఉందో కూడా రాస్తాడు. సాయంత్రం గ్రైండర్ గార్డ్ పగిలి వచ్చిందనుకోండి, 12:40కి 'బాగుంది' అని ఉంటే 27ని అడగాల్సిన పనే లేదు. 41ని అడగాలి. అంతేగానీ తప్పు అతనిదేనని అప్పుడే తేల్చేయకూడదు. పాతబడిన గార్డ్ దానంతటదే పగలొచ్చు.

ఇది మర్యాద కోసం చెబుతున్న మాట కాదు. పోయిన వస్తువుకి జీతంలో కోత పెట్టాలంటే, దాన్ని ఆ మనిషికి ప్రత్యేకంగా అప్పగించి ఉండాలి, నష్టం నేరుగా అతని నిర్లక్ష్యం వల్లే జరిగి ఉండాలి, ముందు అతని మాట వినాలి. వేతనాల చట్టం చెప్పేది ఇదే.

ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో చూడ్డానికి గూగుల్ షీట్స్‌లో ఒక్క ఫార్ములా చాలు. B వస్తువు, C టోకెన్, D ఇచ్చారా వచ్చిందా, E ఎన్ని అనుకుంటే:

```
=SUMIFS(E:E,B:B,"G3",C:C,27,D:D,"OUT")-SUMIFS(E:E,B:B,"G3",C:C,27,D:D,"IN")
```

సున్నా వస్తే అతని దగ్గర ఏమీ లేనట్టు. పొరపాటున తప్పు వరుస పడితే దాన్ని చెరపకూడదు. దానికి ఎదురు వరుస రాయాలి. చెరిపే వీలుంటే రేపు ఎవరూ ఆ లెక్కని నమ్మరు.

సైట్ మీద పనిచేయాలంటే

క్యూఆర్ స్టిక్కర్ అంటిస్తే సిమెంట్ పాలకి వారంలో పోతుంది. పెయింట్‌తో నంబర్ వేసుకోవడమే మేలు. ఒడిశా నుంచి, బిహార్ నుంచి వచ్చిన పనివాళ్ల పేర్లని ఒక్కో మేస్త్రీ ఒక్కోలా రాస్తాడు. అందుకే పేరు బదులు టోకెన్ నంబర్. సెల్లార్‌లో సిగ్నల్ ఉండదు కాబట్టి అక్కడికి చిన్న నోట్‌బుక్, పైకి వచ్చాక అదే సమయంతో ఎంట్రీ.

షీట్ నిజంగా నడుస్తోందా లేదా అన్నది టైమ్ కాలమ్ చూస్తే తెలిసిపోతుంది. ఇరవై ఎంట్రీలు ఉండి, అన్నిటికీ 6:00 అనే ఉంటే స్టోర్ కీపర్ సాయంత్రం కూర్చుని గుర్తున్నంతవరకు నింపాడని అర్థం. ఆ రోజు లెక్కని పట్టుకుని ఎవరి కూలిలోంచీ ఒక్క రూపాయి కూడా కోయకూడదు.